±0.5% అంటే ఎన్ని మిల్లీమీటర్లు? పీసు కొలత లిమిట్లలో ఉందో లేదో తేల్చే పద్ధతి

బాలానగర్‌లో ఒక చిన్న వర్క్‌షాప్‌లో ఇన్‌స్పెక్షన్ పని చేస్తున్న రోజుల్లో నైలాన్ స్పేసర్ల ఆర్డర్ ఒకటి వచ్చింది. స్పేసర్ అంటే రెండు ప్లేట్ల మధ్య దూరం నిలబెట్టే చిన్న గొట్టం ముక్క. పొడవు 40 మి.మీ., బయటి వ్యాసం 20 మి.మీ., మధ్యలో బోల్టు దూరడానికి 8 మి.మీ. రంధ్రం. డ్రాయింగ్‌లో ఏ కొలత పక్కనా టాలరెన్స్, అంటే కొలతలో ఎంత తేడా వరకు ఒప్పుకుంటారో, రాసి లేదు. పర్చేజ్ ఆర్డర్‌లో మాత్రం "అన్ని కొలతలకూ టాలరెన్స్ 0.5%" అని ఒక్క వాక్యం ఉంది. ఆ ఆర్డర్‌లో మూడు వందల పీసులు రెండుసార్లు కొలవాల్సి వచ్చింది. ఒకే పీసు మా దగ్గర పాసై, కొనుగోలుదారు దగ్గర ఫెయిలైంది. కొలిచిన ఇద్దరికీ పని వచ్చు. ఇద్దరి దగ్గరా మంచి వెర్నియర్లే ఉన్నాయి. తేడా ఎక్కడ వచ్చిందో తెలుసుకోవడానికి నాకు రెండు రోజులు పట్టింది. ఆ స్పేసర్‌నే ఉదాహరణగా పెట్టుకుని, శాతంలో ఇచ్చిన టాలరెన్స్‌తో పీసును ఎలా తనిఖీ చేయాలో మొదటి నుంచి చెబుతాను.

మొదటి అడుగు: శాతం దేని మీదో తేల్చుకోండి

డ్రాయింగ్ మీద రాసిన కొలతను నామినల్ సైజు అంటాం. టాలరెన్స్ శాతం ఎప్పుడూ దీని మీదే లెక్కకట్టాలి. పీసు మీద మనం కొలిచిన సైజు మీద కాదు. వినడానికి చిన్న విషయంలా ఉంటుంది గానీ, లిమిట్ దగ్గర ఉన్న పీసుల విషయంలో తీర్పు దీనివల్లే తారుమారవుతుంది. ఆ లెక్క కాసేపట్లో చూద్దాం.

రెండో ప్రశ్న ఇంకా ముఖ్యం. ఉత్త "0.5%" అని రాస్తే అది అటు అర శాతం, ఇటు అర శాతమా? లేక మొత్తం కలిపి అర శాతమా? 40 మి.మీ. పొడవుకు మొదటి అర్థంలో 39.80 నుంచి 40.20 వరకు చోటుంది. రెండో అర్థంలో 39.90 నుంచి 40.10 వరకే ఉంది. అంటే చోటు సగానికి సగం తగ్గిపోతుంది. పైగా కొన్ని భాగాలకు టాలరెన్స్ ఒకవైపే ఉంటుంది. పెరగొచ్చు గానీ తగ్గకూడదు, లేదా తగ్గొచ్చు గానీ పెరగకూడదు. ± గుర్తు లేకపోతే ఊహించుకుని పని మొదలుపెట్టకండి. ఆర్డర్ ఇచ్చినవాళ్లను అడిగి, జవాబు రాతపూర్వకంగా తీసుకోండి. మా ఆర్డర్‌లో అది ±0.5% అని తర్వాత తేలింది. ఇక్కడి నుంచి అదే లెక్క.

రెండో అడుగు: శాతాన్ని రెండు అంకెలుగా మార్చి కాగితం మీద రాయండి

వెర్నియర్ చేతిలోకి తీసుకోకముందే చేయాల్సిన పని ఇది. యంత్రం మీద ఉన్న టర్నర్‌కు శాతంతో పని లేదు. అతనికి కావాల్సింది రెండు అంకెలు: ఇంతకంటే తగ్గకూడదు, ఇంతకంటే పెరగకూడదు.

```
టాలరెన్స్ = నామినల్ × శాతం ÷ 100
లోయర్ లిమిట్ = నామినల్ − టాలరెన్స్
అప్పర్ లిమిట్ = నామినల్ + టాలరెన్స్
```

పొడవుకు 40 × 0.5 ÷ 100 = 0.20. కాబట్టి లిమిట్లు 39.80, 40.20. బయటి వ్యాసానికి 20 × 0.5 ÷ 100 = 0.10. లిమిట్లు 19.90, 20.10. రంధ్రానికి 8 × 0.5 ÷ 100 = 0.04. లిమిట్లు 7.96, 8.04.

ఇక్కడ అంకెలు సరిగ్గా రెండు దశాంశాలకే వచ్చాయి గనుక ఇబ్బంది లేదు. అదే నామినల్ 12.7 మి.మీ. అయితే టాలరెన్స్ 0.0635 అవుతుంది, లిమిట్లు 12.6365, 12.7635. షాప్ ఫ్లోర్ కోసం వీటిని రెండు దశాంశాలకు కుదించాలంటే ఎప్పుడూ లోపలివైపుకే కుదించండి. కింది లిమిట్‌ను పైకి జరిపి 12.64 అని, పై లిమిట్‌ను కిందికి జరిపి 12.76 అని రాయాలి. మామూలుగా బడిలో నేర్పినట్టు దగ్గరి అంకెకు సవరిస్తే ఒక్కోసారి లిమిట్ బయటికి జరిగిపోతుంది. అప్పుడు మనం పాస్ చేసిన పీసు అసలు లెక్కలో ఫెయిలయ్యేదవుతుంది.

మూడో అడుగు: చిన్న కొలతల దగ్గర ఆగి చూడండి

మూడు కొలతలకూ శాతం ఒకటే. కానీ పొడవులో అటూ ఇటూ 0.20 మి.మీ. చోటుంటే రంధ్రంలో 0.04 మాత్రమే ఉంది. పొడవును లేత్ మీద ఫేసింగ్ చేసి, అంటే చివరను చదునుగా కోసి, 0.20 లోపల పెట్టడం ఏ టర్నర్‌కైనా సులువే. నైలాన్‌లో రంధ్రాన్ని 0.04 లోపల పెట్టడం అంత సులువు కాదు. డ్రిల్ తిరుగుతున్నప్పుడు నైలాన్ వేడెక్కి సాగుతుంది, డ్రిల్ బయటికి రాగానే తిరిగి దగ్గరవుతుంది. 8 మి.మీ. డ్రిల్ వేస్తే రంధ్రం 8 కంటే చిన్నదిగా రావడం మామూలే.

శాతంతో ఉన్న అసలు చిక్కు ఇది. సైజు రెట్టింపైతే శాతం లెక్కలో టాలరెన్స్ కూడా రెట్టింపవుతుంది. యంత్రం చేసే తప్పు మాత్రం అలా పెరగదు. అందుకే యంత్ర భాగాలకు వాడే అంతర్జాతీయ ప్రమాణాలు శాతంలో ఉండవు. షాఫ్టులు, రంధ్రాల ఫిట్‌కు వాడే ఐఎస్ఓ 286లో ఐటీ7 అనే గ్రేడ్ చూడండి. 25 మి.మీ. సైజుకు మొత్తం టాలరెన్స్ 0.021 మి.మీ., 200 మి.మీ. సైజుకు 0.046 మి.మీ. సైజు ఎనిమిది రెట్లు పెరిగితే టాలరెన్స్ రెండు రెట్లకు కాస్త ఎక్కువగా పెరిగిందంతే. శాతంలో చెబితే మొదటిది 0.084%, రెండోది 0.023%. టాలరెన్స్ రాయని కొలతలకు వాడే ఐఎస్ఓ 2768లో మీడియం తరగతి కూడా ఇలాగే ఉంటుంది. 30 మి.మీ. దాటి 120 వరకు ±0.3, 120 దాటి 400 వరకు ±0.5. అంటే 40 మి.మీ. పొడవుకు ముప్పావు శాతం, 400 మి.మీ. పొడవుకు శాతంలో ఎనిమిదో వంతు.

రెసిస్టర్ల లాంటి వాటికి శాతం బాగా కుదురుతుంది. వాటి విలువలు కొన్ని ఓముల నుంచి లక్షల ఓముల దాకా ఉంటాయి, అన్నిటికీ ±5% అని బంగారు రంగు గీత ఒకటి వేస్తే సరిపోతుంది. ప్లాస్టిక్ మోల్డింగ్‌లో కూడా ముడుచుకోవడం సైజును బట్టే ఉంటుంది కాబట్టి శాతం కొంతవరకు అర్థవంతమే. మెషీన్ మీద కోసిన భాగానికి మాత్రం, ముఖ్యంగా ఒకే పీసులో 3 మి.మీ., 300 మి.మీ. కొలతలు రెండూ ఉంటే, "అన్నిటికీ ఇంత శాతం" అనే మాట పనికిరాదు. 3 మి.మీ.కు ±0.015 వస్తుంది. దాని కోసం గ్రైండింగ్ దాకా వెళ్లాల్సి రావచ్చు. 300 మి.మీ.కు ±1.5 వస్తుంది. అంత వదులు కొనేవాళ్లకే అక్కర్లేకపోవచ్చు. అలాంటి ఆర్డర్ వస్తే ప్రతి కొలతకూ లిమిట్లు లెక్కకట్టి, ఇబ్బందిగా ఉన్నవాటికి గుర్తు పెట్టి, పని మొదలుకాకముందే మాట్లాడండి. పీసులు తయారయ్యాక అడిగితే "ముందే చెప్పాల్సింది కదా" అంటారు. ఆ మాటలో తప్పు లేదు.

నాలుగో అడుగు: కొలిచే సాధనం ఈ పనికి సరిపోతుందా?

షాపుల్లో పాటించే ఒక కొండగుర్తు ఉంది. రెండు లిమిట్ల మధ్య ఉన్న మొత్తం చోటులో పదో వంతు వరకైనా సాధనం చూపించగలగాలి.

పొడవుకు మొత్తం చోటు 0.40. పదో వంతు 0.04. మామూలు వెర్నియర్ లీస్ట్ కౌంట్, అంటే అది చూపించగల అతి చిన్న కొలత, 0.02 కాబట్టి సరిపోతుంది. బయటి వ్యాసానికి మొత్తం చోటు 0.20, పదో వంతు 0.02. వెర్నియర్ అంచు మీద ఉంది, 0.01 చూపించే మైక్రోమీటర్ మేలు. రంధ్రానికి మొత్తం చోటు 0.08, పదో వంతు 0.008. ఇక్కడ వెర్నియర్‌ను పక్కన పెట్టాల్సిందే. దాని లోపలి దవడలకు అంచు దగ్గర కొంత చదునైన మందం ఉంటుంది. చిన్న గుండ్రటి రంధ్రంలో అవి వంపుకు పూర్తిగా ఆనవు కాబట్టి రంధ్రం ఉన్నదానికంటే చిన్నగా కనిపిస్తుంది.

రంధ్రానికి గో, నో-గో పద్ధతి వాడండి. 7.96 పిన్ గేజ్ లోపలికి వెళ్లాలి, 8.04 పిన్ గేజ్ వెళ్లకూడదు. రంధ్రం విషయంలో గో గేజ్ చిన్న లిమిట్‌కు, నో-గో పెద్ద లిమిట్‌కు ఉంటుందని గుర్తుంచుకోండి. షాఫ్ట్ విషయంలో ఇది తలకిందులు. నైలాన్ మెత్తన కాబట్టి గేజ్‌ను గట్టిగా తోస్తే రంధ్రమే సాగి దారి ఇస్తుంది. తేలికగా పట్టుకుని వదిలినట్టు పెట్టాలి. బలం వాడాల్సి వస్తే అది వెళ్లనట్టే లెక్క.

ఐదో అడుగు: కొలిచే ముందు మూడు పనులు

ముందు బర్ తీసేయండి. కోసిన అంచున నిలిచిన సన్నటి పొర మీద దవడ కూర్చుంటే పొడవు ఎక్కువ చూపిస్తుంది. నైలాన్‌లో ఆ పొర పీచులా వేలాడుతుంది. ఒక్కోసారి కంటికి కూడా ఆనదు, వేలితో తడిమితేనే తెలుస్తుంది.

తర్వాత సాధనం జీరో చూడండి. వెర్నియర్ దవడలు శుభ్రంగా తుడిచి మూసినప్పుడు 0.00 చూపించాలి. మాది ఆ రోజు +0.04 చూపించింది. అంటే అది ప్రతి కొలతనూ 0.04 ఎక్కువ చూపిస్తోంది, రీడింగ్ నుంచి అంత తీసేయాలి. 40.22 అని చూపిస్తే అసలు 40.18. ఫెయిల్ అనుకున్న పీసు పాస్. 39.82 అని చూపిస్తే అసలు 39.78. పాస్ అనుకున్న పీసు ఫెయిల్. జీరో ఎర్రర్ రెండువైపులా తప్పు తీర్పు ఇప్పిస్తుంది కాబట్టి "కొంచెమే కదా" అని వదిలేయకూడదు. 25–50 మి.మీ. మైక్రోమీటర్ దవడలు పూర్తిగా మూసుకోవు. దాని జీరోను, దానితోపాటు వచ్చే 25 మి.మీ. సెట్టింగ్ రాడ్ పెట్టి చూడాలి.

మూడోది వేడి. మా గొడవ మూలం ఇక్కడే ఉంది. పొడవు కొలతలకు ప్రామాణిక ఉష్ణోగ్రత 20 డిగ్రీల సెల్సియస్ అని ఐఎస్ఓ 1 చెబుతుంది. డ్రాయింగ్‌లో వేరే మాట లేకపోతే 40.20 అంటే 20 డిగ్రీల దగ్గర 40.20 అని అర్థం. మే నెలలో మా షెడ్డులో ఉష్ణోగ్రత 35 దాటేది. నైలాన్ మీటరు పొడవుకు, డిగ్రీకి, సుమారు 80 మైక్రాన్లు, అంటే 0.08 మి.మీ., పెరుగుతుంది. 40 మి.మీ. ముక్క 15 డిగ్రీలు వేడెక్కితే 0.048 మి.మీ. పెరుగుతుంది. వెర్నియర్ కూడా అదే వేడిలో ఉంది కాబట్టి అదీ పెరుగుతుంది, కానీ ఉక్కు పెరుగుదల 0.007 మాత్రమే. తేడా 0.04. అటు ఇచ్చిన 0.20 టాలరెన్స్‌లో ఐదో వంతు ఉత్త వేడికే పోయిందన్నమాట. అదే ముక్క ఉక్కుదైతే వెర్నియర్‌తో సమానంగా పెరిగేది, మేం గమనించేవాళ్లం కూడా కాదు.

మేం వేడి షెడ్డులో కొలిచి, 39.80 నుంచి 39.84 మధ్య ఉన్న పీసులను పాస్ చేశాం. కొన్నవాళ్లు ఏసీ గదిలో రాత్రంతా ఉంచి కొలిచారు. వాటిలో కొన్ని 39.80 కిందికి దిగిపోయాయి. మా టర్నర్ "సార్, నిన్న నేనే కొలిచాను, కరెక్ట్‌గా ఉన్నాయి" అన్నాడు. నిజమే, నిన్న ఆ వేడిలో అవి కరెక్ట్‌గానే ఉన్నాయి. అప్పటి నుంచి నైలాన్ పీసులను కొలిచే గదిలో కొన్ని గంటలు ఉంచాకే ముట్టుకునేవాణ్ణి. లేత్ మీంచి అప్పుడే దిగిన పీసునైతే అసలే కొలవకూడదు, అది షెడ్డు కంటే ఇంకా వేడిగా ఉంటుంది. నైలాన్‌కు ఇంకో గుణం ఉంది: గాలిలోని తేమను పీల్చుకుని నెమ్మదిగా ఉబ్బుతుంది. వర్షాకాలంలో నెలల తరబడి స్టోర్‌లో ఉన్న పీసులను పంపే ముందు మళ్లీ కొలవడం మంచిది.

ఆరో అడుగు: కొలవడం

దవడలు పీసును తాకాలి, నొక్కకూడదు. నైలాన్ మీద బొటనవేలితో వెర్నియర్‌ను బిగిస్తే రీడింగ్ తగ్గిపోతుంది. మైక్రోమీటర్ అయితే రాచెట్ తిప్పి క్లిక్ శబ్దం రాగానే ఆపండి. థింబుల్ పట్టుకుని తిప్పకండి. ఒకే పీసును ఇద్దరు మనుషులు విడివిడిగా కొలిచి చూడండి. ఇద్దరి అంకెల మధ్య 0.04 కంటే ఎక్కువ తేడా వస్తుంటే, పీసు సంగతి తర్వాత, ముందు చేతి ఒత్తిడి సరిచేసుకోవాలి.

పొడవును ఒక్కచోట కొలిచి వదిలేయకండి. చుట్టూ నాలుగు చోట్ల, గడియారంలో 12, 3, 6, 9 ఉన్న చోట్ల కొలవండి. రెండు చివరలూ సమాంతరంగా లేకపోతే అది ఇలాగే బయటపడుతుంది. నాలుగు రీడింగ్‌లనూ రాయండి. వాటి సగటు తీయకండి. అన్నిటికంటే పెద్దది అప్పర్ లిమిట్ దాటకూడదు, అన్నిటికంటే చిన్నది లోయర్ లిమిట్ కంటే కిందికి దిగకూడదు. సగటు తీస్తే పెద్ద తప్పు చిన్నదానితో కలిసి మాయమవుతుంది.

ఏడో అడుగు: పోల్చడం, శాతంలో చెప్పడం

జీరో ఎర్రర్ తీసేశాక వచ్చిన అంకెను రెండు లిమిట్లతో పోల్చండి. సరిగ్గా లిమిట్ మీద ఉన్న పీసు, అంటే 40.20 లేదా 39.80, లోపల ఉన్నట్టే లెక్క. తీర్పుకు ఇంతకంటే ఏమీ అక్కర్లేదు. కానీ రిపోర్టులో చాలామంది శాతం కూడా అడుగుతారు. తప్పులు జరిగేది అక్కడే.

```
తేడా శాతం = (కొలత − నామినల్) ÷ నామినల్ × 100
వాడిన టాలరెన్స్ శాతం = తేడా ÷ టాలరెన్స్ × 100
```

ఈ రెండూ వేరు. 40.16 వచ్చిన పీసుకు తేడా శాతం 0.4. అదే పీసు అటువైపు ఇచ్చిన టాలరెన్స్‌లో 80% వాడుకుంది. రిపోర్టులో ఉత్తగా "80%" అని రాస్తే చదివినవాళ్లకు గాభరా పుడుతుంది. "0.4%" అని రాస్తే పీసు ఎంత అంచుకు దగ్గరగా ఉందో తెలియదు. నేను ఎప్పుడూ రెండూ, పేర్లతో సహా రాస్తాను. టర్నర్‌కు పనికొచ్చేది రెండోదే. అది వరసగా 50, 60, 75 అని పెరుగుతుంటే టూల్ అరుగుతోందనో, పొడవును నిలిపే స్టాప్ పక్కకు జరిగిందనో పీసులు ఫెయిల్ కాకముందే తెలుస్తుంది.

ఇక నామినల్ బదులు కొలతతో భాగిస్తే ఏమవుతుందో చూడండి. 39.80 పీసుకు 0.20 ÷ 39.80 చేస్తే 0.5025% వస్తుంది. లిమిట్ మీద ఉన్న మంచి పీసు రిజెక్ట్ అయింది. 40.201 పీసుకు 0.201 ÷ 40.201 చేస్తే 0.49999% వస్తుంది. లిమిట్ దాటిన పీసు పాస్ అయింది. భాగహారం ఒక్కటి మారితే రెండువైపులా తీర్పు మారింది.

రౌండింగ్ ఇంకా పెద్ద దెబ్బ కొడుతుంది. 40.21 పీసుకు తేడా 0.525%. దాన్ని ఒక దశాంశానికి కుదిస్తే 0.5% అవుతుంది, పీసు పాస్ అయినట్టు కనిపిస్తుంది. నిజానికి అది ఫెయిల్. శాతాన్ని చూసి తీర్పు చెప్పకండి. మిల్లీమీటర్ల లిమిట్లను చూసి చెప్పండి. శాతం రిపోర్టు కోసమే.

కంప్యూటర్ షీటులో ఈ పోలిక పెట్టేవాళ్లకు ఒక జాగ్రత్త. `ABS(40.2-40)<=0.2` అని రాస్తే జవాబు తప్పు వస్తుంది. కంప్యూటర్ 40.2ను సరిగ్గా దాచుకోలేదు కాబట్టి తీసివేత ఫలితం 0.20000000000000284 అవుతుంది, అది 0.2 కంటే పెద్దది. పొడవు సరిగ్గా లిమిట్ మీద ఉన్న ప్రతి పీసునూ షీటు రిజెక్ట్ చేస్తుంది. నామినల్ B2లో, శాతం C2లో, కొలత D2లో ఉంటే ఇలా రాయండి:

```
=IF(AND(ROUND(D2,4)>=ROUND(B2*(1-C2/100),4),ROUND(D2,4)<=ROUND(B2*(1+C2/100),4)),"OK","REJECT")
```

నాలుగు దశాంశాల వరకు సవరించడం వల్ల ఆ చివరి చెత్త అంకెలు పోతాయి. మన సాధనం చూపించేది రెండు దశాంశాలే కాబట్టి అసలు తీర్పుకు హాని జరగదు.

అంచు మీద ఉన్న పీసులను ఏం చేయాలి?

ఏ కొలతా నూటికి నూరుపాళ్లు నిజం కాదు. వెర్నియర్, చేయి, వేడి అన్నీ కలిపి మా కొలతలో అటూ ఇటూ 0.03 తేడా ఉండొచ్చని అనుకుందాం. అప్పుడు 40.19 అని వచ్చిన పీసు నిజంగా 40.16 కావచ్చు, 40.22 కూడా కావచ్చు. ఇలాంటప్పుడు ఐఎస్ఓ 14253-1 ప్రమాణం న్యాయమైన పద్ధతి చెబుతుంది. పీసు బాగుందని నిరూపించాల్సినవాడు, అంటే సరఫరాదారు, తన కొలతలోని అనుమానాన్ని లిమిట్ల లోపలికి తీసేసుకోవాలి. పీసు బాగాలేదని నిరూపించాల్సినవాడు, అంటే కొనుగోలుదారు, తన అనుమానాన్ని లిమిట్ల బయటికి కలుపుకోవాలి.

మా లెక్కలో ఇది ఇలా అవుతుంది. 39.83 నుంచి 40.17 వరకు ఉంటే నిశ్చింతగా పాస్. 39.77 కంటే తక్కువైనా, 40.23 కంటే ఎక్కువైనా నిస్సందేహంగా ఫెయిల్. మధ్యలో మిగిలినవి అనుమానపు పీసులు. వాటిని వేరే ట్రేలో పెట్టి మైక్రోమీటర్‌తో, ఏసీ గదిలో మళ్లీ కొలవాలి. మెరుగైన సాధనం వాడితే అనుమానం 0.01కి తగ్గుతుంది, ఆ మేరకు అనుమానపు పీసులూ తగ్గుతాయి. ఈ ఏర్పాటు మొదటిరోజే ఉండి ఉంటే మా మూడు వందల పీసుల గొడవ పదో పదిహేనో పీసుల దగ్గరే తేలిపోయేది.

ఐదు పీసుల మీద మొత్తం చేసి చూద్దాం

గది చల్లగా ఉంది, పీసులు రాత్రంతా అక్కడే ఉన్నాయి, బర్ తీసేశాం. వెర్నియర్ జీరో ఎర్రర్ +0.04. అన్నిటికీ బయటి వ్యాసం 19.90, 20.10 మధ్యే వచ్చింది కాబట్టి దాని గురించి ఇక చెప్పను.

మొదటి పీసు రీడింగ్‌లు 40.08, 40.10. జీరో ఎర్రర్ తీసేస్తే 40.04, 40.06. రంధ్రంలో గో వెళ్లింది, నో-గో వెళ్లలేదు. పాస్. తేడా 0.15%, వాడిన టాలరెన్స్ 30%.

రెండో పీసు రీడింగ్‌లలో పెద్దది 40.22. తొందరపడితే రిజెక్ట్ చేసేస్తాం. సవరిస్తే 40.18, అంటే అనుమానపు ట్రేలోకి. మైక్రోమీటర్ 40.17 చూపించింది. 0.01 అనుమానం కలిపినా 40.18 దాటదు. రంధ్రం కూడా బాగుంది కాబట్టి పాస్.

మూడో పీసు రీడింగ్ 39.82. చూడగానే లోపలే ఉన్నట్టుంది. సవరిస్తే 39.78. మైక్రోమీటర్ 39.77 చూపించింది. 0.01 అనుమానం కలిపినా 39.78, కాబట్టి ఫెయిల్. పొట్టి అయిన పీసును పొడవు చేయలేం. అది స్క్రాప్.

నాలుగో పీసు సవరించిన కొలతలు 40.26, 40.12, 40.06, 40.16. సగటు 40.15, చక్కగా లోపల ఉంది. కానీ పెద్దది 40.26, లిమిట్ దాటింది. ఒకవైపు 40.26, దానికి ఎదురుగా 40.06 ఉన్నాయంటే ఒక చివర ఏటవాలుగా తెగిందని అర్థం. ఇది ఫెయిలే, కానీ స్క్రాప్ కాదు. ఏటవాలుగా ఉన్న చివరను లేత్ మీద తిరిగి ఫేసింగ్ చేస్తే పీసు అన్నివైపులా 40.06 దగ్గరికి, కాస్త కిందికి వస్తుంది. రీవర్క్ ట్రేలో పెట్టాం. టర్నర్‌కు ఏ చివర తీయాలో మార్కర్‌తో గుర్తు పెట్టి ఇవ్వాలి. లేకపోతే బాగున్న చివరను తీసేస్తాడు, పీసు పొట్టిదవుతుంది గానీ వాలు పోదు.

ఐదో పీసు పొడవు నాలుగు చోట్లా 40.00. ఇంతకంటే మంచి పీసు ఉండదనిపిస్తుంది. రంధ్రంలో గో పిన్ వెళ్లింది, నో-గో పిన్ కూడా తేలికగా దిగిపోయింది. రంధ్రం 8.04 దాటింది. ఫెయిల్. గో వెళ్లకపోయి ఉంటే రీమర్ వేసి పెంచుకునేవాళ్లం. పెరిగిపోయిన రంధ్రాన్ని తగ్గించలేం. రిపోర్టులో పీసు నంబరు ఎదురుగా "పొడవు పాస్, రంధ్రం ఫెయిల్, పెద్దది" అని రాశాం. ఉత్తగా "రిజెక్ట్" అని రాసి ఉంటే టర్నర్ పొడవు స్టాప్ సరిచేయడానికి పోయేవాడు. ఇలా రాయడంతో నేరుగా డ్రిల్ దగ్గరికి వెళ్లి, అది వంగి తిరుగుతోందేమో చూశాడు.